రాసుకున్న వరుస మారితే ఖర్చు ఎందుకు మారింది: వాయవ్య మూల పద్ధతిలో మూడు ప్లాంట్లు, నాలుగు మార్కెట్లు

ప్రశ్న: సార్, నేను చెన్నైలో ఎంబీఏ చదువుతున్నాను. కింది రవాణా లెక్కను వాయవ్య మూల పద్ధతిలో చేశాను. పేర్లు అక్షర క్రమంలో రాసుకున్నాను, ఆరు గడులు నిండాయి, ఖర్చు 3,160 రూపాయలు వచ్చింది. నా స్నేహితురాలు అవే పేర్లను ఉత్తరం నుంచి దక్షిణానికి రాసుకుంది. తనకు ఐదు గడులే నిండాయి, ఖర్చు 2,640 వచ్చింది. కానీ ఖర్చు ఇంకా తగ్గుతుందో లేదో తేల్చే మోడీ పరీక్ష చేయబోతే u, v విలువలు మధ్యలో ఆగిపోయాయి. మా ఇద్దరిలో ఎవరిది తప్పు? (గడిలో ఉన్నది ఒక పెట్టెకు కిరాయి, రూపాయల్లో.)

| ప్లాంటు | తిరుపతి | నెల్లూరు | పుదుచ్చేరి | వేలూరు | సరఫరా |
|---|---|---|---|---|---|
| అంబత్తూరు | 12 | 16 | 21 | 14 | 70 |
| మరైమలై నగర్ | 15 | 23 | 11 | 12 | 60 |
| శ్రీపెరుంబుదూరు | 11 | 18 | 16 | 10 | 90 |
| గిరాకీ | 60 | 50 | 60 | 50 | 220 |

సమాధానం: ఇద్దరిదీ తప్పు కాదు. వాయవ్య మూల పద్ధతిని మీరిద్దరూ సక్రమంగానే నడిపారు. ఆ పద్ధతి కిరాయిలను ఒక్కసారైనా చూడదు కాబట్టి, దానికి తెలిసినవి సరఫరా, గిరాకీ, పేర్లు రాసుకున్న వరుస మాత్రమే. వరుస మారితే పంపిణీ మారుతుంది, దానితో పాటు ఖర్చూ మారుతుంది. మొత్తం సరఫరా, మొత్తం గిరాకీ రెండూ 220 పెట్టెలుగా సరిపోయాయి కనుక డమ్మీ వరుస కలపవలసిన అవసరం కూడా లేదు.

మీ వరుసలో ఏం జరిగిందో ముందు చూద్దాం. పటంలో పైకి ఉత్తరం అనుకుంటే పై ఎడమ మూల వాయవ్యం అవుతుంది, అది మీ పట్టికలో అంబత్తూరు–తిరుపతి గడి. అక్కడ 70, 60లలో చిన్నదైన 60 వేయగానే తిరుపతి గిరాకీ తీరిపోతుంది, అంబత్తూరు దగ్గర 10 మిగులుతాయి. ఆ పదీ పక్కనున్న నెల్లూరుకు వెళ్తాయి. నెల్లూరుకు ఇంకా కావలసిన 40ని కింది వరుసలోని మరైమలై నగర్ ఇస్తుంది, దాని దగ్గర మిగిలిన 20 పుదుచ్చేరికి పోతాయి. పుదుచ్చేరికి తక్కువైన 40ని, వేలూరుకు కావలసిన 50ని శ్రీపెరుంబుదూరు పంపుతుంది. ఖర్చు వరుసగా 720, 160, 920, 220, 640, 500, అంటే మొత్తం 3,160. మెట్ల వరుసలా కుడికో కిందికో దిగడమే తప్ప, ఎక్కడా కిరాయి అడిగింది లేదు.

ఇందులో మరైమలై నగర్ నుంచి నెల్లూరుకు వెళ్లే 40 పెట్టెలను కాస్త ఆగి చూడండి. పట్టికలోకెల్లా ఎక్కువ కిరాయి, 23 రూపాయలు, ఆ గడిదే. ఆ లారీ దక్షిణం నుంచి బయలుదేరి చెన్నై బైపాస్ ఎక్కి అంబత్తూరు పక్క నుంచే ఉత్తరాన ఉన్న పుళల్ వైపు సాగుతుంది. అదే రోజు అంబత్తూరు గేటులోంచి 60 పెట్టెలు తిరుపతికి వెళ్తుంటాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంస్థ డిస్పాచ్ విభాగంలో సరిగ్గా ఇటువంటిదే జరిగింది. కంప్యూటరు ప్లాంట్ల పేర్లను అక్షర క్రమంలో పేర్చి ఇచ్చింది, అప్పుడే చేరిన ఒకబ్బాయి వాయవ్య మూల ఫలితాన్ని తొలి పరిష్కారంగా కాక పంపిణీ ఆదేశంగానే రాసి పంపాడు. లారీ డ్రైవరు వచ్చి, మన సరుకు మన గేటు ముందు నుంచే ఎందుకు తీసుకుపోతున్నామని అడిగేదాకా మాకెవరికీ తట్టలేదు.

ఇక మీ స్నేహితురాలి పట్టిక. ప్లాంట్లను అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు, మరైమలై నగర్ అని, మార్కెట్లను నెల్లూరు, తిరుపతి, వేలూరు, పుదుచ్చేరి అని రాసుకుని అదే నియమం నడిపితే ఫలితం ఇలా ఉంటుంది.

| ప్లాంటు | నెల్లూరు | తిరుపతి | వేలూరు | పుదుచ్చేరి |
|---|---|---|---|---|
| అంబత్తూరు | 50 | 20 | | |
| శ్రీపెరుంబుదూరు | | 40 | 50 | |
| మరైమలై నగర్ | | | | 60 |

ఖర్చు 800, 240, 440, 500, 660 కలిపి 2,640. ఆమె కిరాయిలు చూడలేదు, పటం చూసింది. ఇప్పుడు ప్లాంట్లను అలాగే ఉంచి మార్కెట్లను మాత్రం తిరగేసి, పుదుచ్చేరితో మొదలుపెట్టి నెల్లూరుతో ముగించి చూడండి. అంబత్తూరు పుదుచ్చేరికి 60, వేలూరుకు 10. శ్రీపెరుంబుదూరు వేలూరుకు 40, తిరుపతికి 50. మరైమలై నగర్ తిరుపతికి 10, నెల్లూరుకు 50 పంపవలసి వస్తుంది. ఖర్చు 3,650. ఒకే సమస్య, ఒకే నియమం, మూడు వరుసలకు మూడు మొత్తాలు.

ఈ మూడింటిలో 2,640 ఈ సమస్యకు సాధ్యమైన కనిష్ఠ ఖర్చు, 3,650 సాధ్యమైన గరిష్ఠ ఖర్చు. ఇది కాకతాళీయం కాదు. కారణం తెలియాలంటే స్నేహితురాలి వరుసలో పక్కపక్కనున్న రెండు ప్లాంట్లను, రెండు మార్కెట్లను తీసుకోండి. అంబత్తూరు నుంచి నెల్లూరుకు ఒక పెట్టె, శ్రీపెరుంబుదూరు నుంచి తిరుపతికి ఒక పెట్టె పంపితే 16, 11 కలిపి 27 రూపాయలు. అవే రెండు పెట్టెలను అడ్డదిడ్డంగా, అంబత్తూరు నుంచి తిరుపతికి, శ్రీపెరుంబుదూరు నుంచి నెల్లూరుకు పంపితే 12, 18 కలిపి 30 రూపాయలు. ఉత్తరపు ప్లాంటు ఉత్తరపు మార్కెట్టుకు, దక్షిణపు ప్లాంటు దక్షిణపు మార్కెట్టుకు పంపితే దారులు ఒకదాన్నొకటి దాటుకోవు, కాబట్టి ఖర్చు తక్కువ. ఆమె పట్టికలో ఇటువంటి పక్కపక్క చతురస్రాలు ఆరు ఉన్నాయి, ఆరింటిలోనూ దాటుకోని జతకే తక్కువ మొత్తం వస్తుంది. మీరే ఒకసారి కూడి చూసుకోండి, ఐదు నిమిషాల పని. c అంటే గడిలోని కిరాయి, i అంటే వరుస, j అంటే నిలువు అనుకుని నియమంగా రాస్తే ఇది:

`c[i][j] + c[i+1][j+1] <= c[i][j+1] + c[i+1][j]`

దీన్ని మోంజ్ ధర్మం అంటారు. మట్టిని ఒక చోట తవ్వి మరొక చోటికి చేరవేయడం గురించి 1781లో రాసిన ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త గాస్పార్ మోంజ్ పేరు మీద వచ్చింది. ఖర్చుల పట్టికకు ఈ ధర్మం ఉంటే వాయవ్య మూల పద్ధతి ఇచ్చిన తొలి పరిష్కారమే ఉత్తమ పరిష్కారమని 1963లో అమెరికన్ గణిత శాస్త్రవేత్త అలన్ హాఫ్‌మన్ చూపించారు. సరఫరా, గిరాకీ అంకెలు ఎలా మారినా ఆ మాట నిలుస్తుంది. ఒక వైపు వరుసను తిరగేస్తే అసమానత దిశ కూడా తిరగబడుతుంది, అందుకే అప్పుడు అదే నియమం అత్యంత ఖరీదైన పంపిణీని పట్టుకుంటుంది. పాఠ్య పుస్తకాలు సాధారణంగా ఈ సంగతి చెప్పకుండా వాయవ్య మూల పద్ధతిని నాసిరకం ఆరంభమని తేల్చేసి, కిరాయిలు చూసి మొదలుపెట్టే వోగెల్ పద్ధతికి వెళ్లిపోతాయి. వరుస గురించి ఒక్క మాటైనా చెప్పకుండా అలా తేల్చడం సరికాదని నా అభిప్రాయం.

అయితే పరీక్షలో పట్టిక ఇచ్చిన వరుసలోనే చేయమంటారు కనుక, మీ 3,160 నుంచి 2,640కి ఎలా చేరాలో కూడా చూడాలి. మోడీ పద్ధతిలో ప్రతి ప్లాంటుకూ ఒక u, ప్రతి మార్కెట్టుకూ ఒక v ఇస్తాం, నిండిన ప్రతి గడికీ `u + v = c` కావాలి. అంబత్తూరుకు u సున్నా అనుకుంటే తిరుపతి v 12, నెల్లూరు v 16 అవుతాయి. మరైమలై నగర్–నెల్లూరు గడి కిరాయి 23 కాబట్టి మరైమలై నగర్ u 7. అక్కడి నుంచి పుదుచ్చేరి v 4, శ్రీపెరుంబుదూరు u 12, వేలూరు v -2 వస్తాయి. వేలూరుకు రుణ విలువ వచ్చిందని కంగారు పడనక్కరలేదు. ఇవి నిజమైన ధరలు కావు, ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే.

ఖాళీ గడుల్లో కిరాయి నుంచి u, v మొత్తాన్ని తీసివేస్తే మూడు చోట్ల రుణ విలువ వస్తుంది: మరైమలై నగర్–తిరుపతి -4, శ్రీపెరుంబుదూరు–నెల్లూరు -10, శ్రీపెరుంబుదూరు–తిరుపతి -13. అన్నిటికన్నా దిగువనున్న శ్రీపెరుంబుదూరు–తిరుపతి గడిలోకి పెట్టెలు తెస్తాం. అక్కడ ఒక పెట్టె పెరిగితే తిరుపతి మొత్తం చెడకుండా అంబత్తూరు–తిరుపతిలో ఒకటి తగ్గాలి, దానికి సరిపడా అంబత్తూరు–నెల్లూరులో ఒకటి పెరగాలి, మరైమలై నగర్–నెల్లూరులో తగ్గాలి, మరైమలై నగర్–పుదుచ్చేరిలో పెరగాలి, శ్రీపెరుంబుదూరు–పుదుచ్చేరిలో తగ్గాలి. ఆరు గడులు తిరిగి లూప్ బయలుదేరిన చోటికే వస్తుంది. తగ్గే గడుల్లో ఉన్నవి 60, 40, 40. ఏ గడీ సున్నా కంటే దిగకూడదు గనుక 40 పెట్టెలే కదపగలం. ఒక్కొక్క పెట్టెకు 13 చొప్పున 520 రూపాయలు తగ్గి ఖర్చు 2,640 అవుతుంది. ఒక్క అడుగులో మీరు మీ స్నేహితురాలి పంపిణీకే చేరుకున్నారు. బైపాస్ మీద నెల్లూరుకు వెళ్లే ఆ 40 పెట్టెలు కూడా ఈ అడుగులోనే మాయమయ్యాయి.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. 40 కదపగానే మరైమలై నగర్–నెల్లూరు, శ్రీపెరుంబుదూరు–పుదుచ్చేరి రెండు గడులూ ఒకేసారి ఖాళీ అయ్యాయి. ఒకటి లోపలికి వచ్చి రెండు బయటికి పోయాయి కాబట్టి నిండిన గడులు ఐదే మిగిలాయి. మూడు వరుసలు, నాలుగు నిలువులు ఉన్న పట్టికకు 3 + 4 - 1 = 6 గడులు కావాలి. ఈ లోటునే డీజెనరసీ అంటారు. మీ స్నేహితురాలికి ఇది మొదట్లోనే ఎదురైంది, మీకు ఒక అడుగు తరువాత ఎదురైంది, తేడా అంతే. మూలం ఇద్దరికీ ఒకటే: అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు సరఫరా కలిపి 160, నెల్లూరు, తిరుపతి, వేలూరు గిరాకీ కలిపి కూడా 160. ఆ రెండు ప్లాంట్లు ఆ మూడు మార్కెట్లకు లెక్కకు లెక్క సరిపోయి, మరైమలై నగర్, పుదుచ్చేరి వేరొక ద్వీపంలా విడిపోయాయి. ఏ కొన్ని ప్లాంట్ల మొత్తమైనా ఏ కొన్ని మార్కెట్ల మొత్తంతో సరిపోతే లెక్కలో ఎక్కడో ఒక చోట ఇలా తెగే అవకాశం ఉందని ముందే పసిగట్టవచ్చు.

మీ స్నేహితురాలికి u, v ఆగిపోవడం కూడా ఈ ద్వీపం వల్లనే. నిండిన గడులను వంతెనలుగా చేసుకుని ఒక విలువ నుంచి మరొక విలువకు వెళ్తాం. అంబత్తూరు నుంచి బయలుదేరితే నెల్లూరు, తిరుపతి, శ్రీపెరుంబుదూరు, వేలూరు దాకా రాగలం, అక్కడితో దారి అయిపోతుంది. మరైమలై నగర్‌ను పుదుచ్చేరితో కలిపే గడి ఉన్నా, దానికి ఇవతలి గట్టుతో సంబంధం లేదు. కాబట్టి ఒక ఖాళీ గడిలో సున్నా వేసి, దాన్ని నిండిన గడిగా లెక్కించాలి. కొందరు సున్నాకు బదులు ఎప్సిలాన్ అని ఒక అతి చిన్న పరిమాణం రాస్తారు, పని మాత్రం ఒకటే.

ఆ సున్నాను ఎక్కడ వేయాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. తక్కువ కిరాయి ఉన్న ఖాళీ గడిలో వేయండి అని క్లాసులో చెప్పే సూత్రాన్ని గుడ్డిగా పాటించకూడదు. అది రెండు గట్లనూ కలిపే గడి అయి తీరాలి. ఉదాహరణకు అంబత్తూరు–వేలూరు గడిలో సున్నా వేశారనుకోండి, గడులు ఆరు అవుతాయి గానీ అంబత్తూరు, తిరుపతి, శ్రీపెరుంబుదూరు, వేలూరు మధ్య నాలుగు గడుల లూప్ మూసుకుపోతుంది, ద్వీపం ద్వీపంగానే ఉండిపోతుంది. శ్రీపెరుంబుదూరు–నెల్లూరు గడికీ ఇదే దోషం. మిగిలిన ఐదు ఖాళీ గడుల్లో ఏదైనా వంతెనగా పనికొస్తుంది. వాయవ్య మూల పద్ధతి నడుపుతూ ఉండగానే దీన్ని సరిదిద్దుకోవడం ఇంకా సులువు. శ్రీపెరుంబుదూరు–వేలూరు గడిలో 50 వేయగానే వరుస, నిలువు రెండూ ఒకేసారి తీరాయి. అప్పుడు ఏటవాలుగా మరైమలై నగర్–పుదుచ్చేరికి దూకకుండా, కుడికి జరిగి శ్రీపెరుంబుదూరు–పుదుచ్చేరిలోనో, కిందికి దిగి మరైమలై నగర్–వేలూరులోనో ఒక సున్నా వేసి, ఆ తరువాతే ముందుకు వెళ్లాలి. రెంటినీ ఒకేసారి కొట్టివేయడమే ఆమె చేసిన పొరపాటు, అదీ పంపిణీలో కాదు, లెక్క రాసుకోవడంలో.

శ్రీపెరుంబుదూరు–పుదుచ్చేరిలో సున్నా ఉంచితే పుదుచ్చేరి v 17, మరైమలై నగర్ u -6 వస్తాయి. మిగిలిన ఖాళీ గడులన్నిటికీ ధన విలువలే వస్తాయి, వాటిలో కనిష్ఠం 3. అంటే 2,640 ఉత్తమమని తేలిపోయింది, ఇదే ఖర్చుకు మరో పంపిణీ కూడా లేదు.

మీ దారిలో మాత్రం ఒక గమ్మత్తు ఉంది. ఒకేసారి ఖాళీ అయిన రెండు గడుల్లో మరైమలై నగర్–నెల్లూరులో సున్నా ఉంచి రెండోదాన్ని తీసేశారనుకుందాం. పంపిణీ అదే, ఖర్చూ అదే 2,640. కానీ ఇప్పుడు మరైమలై నగర్ u 7 అవుతుంది, పరీక్షలో మరైమలై నగర్–తిరుపతికి -4, మరైమలై నగర్–వేలూరుకు -6 వస్తాయి. ఇంకా తగ్గించవచ్చని పట్టిక చెబుతుంది. మరైమలై నగర్–వేలూరును లోపలికి తెస్తూ లూప్ గీస్తే తగ్గే గడుల్లో ఆ సున్నా గడి ఒకటి, కాబట్టి కదిలేది సున్నా పెట్టెలు. ఒక్క పెట్టె కదలదు, ఒక్క రూపాయి తగ్గదు, సున్నా మాత్రం ఒక గడి నుంచి మరొక గడికి మారుతుంది. ఆ తరువాత పరీక్ష చేస్తే అన్నీ ధన విలువలే. డీజెనరేట్ పట్టికలో రుణ విలువ కనిపించినంత మాత్రాన ఖర్చు తగ్గే దారి ఉందని అనుకోకూడదు. వంతెన సరైన చోట లేకపోయినా అలాగే కనిపిస్తుంది. రెండు గడులు ఒకేసారి ఖాళీ అయినప్పుడు తక్కువ కిరాయి ఉన్నదాన్ని ఉంచుకోవడం మంచి అలవాటు. ఇక్కడ 16, 23లలో 16 ఉన్న గడిని ఉంచుకుంటే ఈ అదనపు అడుగు తప్పేది.

చివరగా మీ స్నేహితురాలికి ఒక హెచ్చరిక. పటం చూసి వరుస రాసుకోవడం ఈ లెక్కలో కలిసొచ్చింది, ఎందుకంటే కిరాయిలు ఇంచుమించు దూరాన్ని అనుసరించి ఉన్నాయి. నిజమైన కిరాయిలు ఎప్పుడూ అలా ఉండవు. అంబూరు వైపు నుంచి తోలు సరుకు తెచ్చి చెన్నైలో దించిన లారీలు ఖాళీగా వెనక్కి వెళ్తుంటే, వేలూరు దాకా తక్కువ కిరాయికి సరుకు ఎక్కించుకుంటాయి. అంబత్తూరు–వేలూరు కిరాయి 14 నుంచి 9కి దిగిందనుకోండి. ఆమె వరుసలో అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు, తిరుపతి, వేలూరు చతురస్రం చూస్తే దాటుకోని జత 12, 10 కలిపి 22, దాటుకునే జత 9, 11 కలిపి 20. మోంజ్ ధర్మం అక్కడ చెడింది. వాయవ్య మూల పద్ధతికి ఇది కనిపించదు, అది మళ్లీ అదే పంపిణీతో 2,640 అంటుంది. మోడీ పరీక్ష మాత్రం అంబత్తూరు–వేలూరు గడికి -2 చూపిస్తుంది. అంబత్తూరు నుంచి తిరుపతికి వెళ్లే 20 పెట్టెలను వేలూరుకు మళ్లించి, శ్రీపెరుంబుదూరు నుంచి వేలూరుకు వెళ్లేవాటిలో 20ని తిరుపతికి పంపితే ఖర్చు 2,600 అవుతుంది. ఈ సారి ఖాళీ గడులకు వచ్చే కనిష్ఠ విలువ 1, శ్రీపెరుంబుదూరు–నెల్లూరు దగ్గర. అంటే ఆ కిరాయి 18 నుంచి 17 కంటే కిందికి దిగిన రోజున మళ్లీ లెక్క తెరవాలి.